బ్యాంకు గడియారం, రైతు గడియారం

నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు సుమారు 40 కిలోమీటర్లు. మధ్యలో శిరివెళ్ల. రోడ్డు బాగుంది, బస్సుకు కొదవ లేదు. అయినా బ్యాంకు పని దగ్గరికి వచ్చేసరికి ఈ రెండు ఊళ్ల మధ్య దూరం కిలోమీటర్లలో తేలదు. 2022 ఏప్రిల్ 4న జిల్లా కేంద్రమైన నంద్యాలలో ఖాతాదారుడంటే ఉద్యోగి, బియ్యం వ్యాపారి, ఆసుపత్రి నడిపే డాక్టరు, పెన్షనరు. ఆళ్లగడ్డలో శాఖ మెట్లెక్కే మనిషి చాలాసార్లు రుద్రవరం వైపు నుంచో చాగలమర్రి వైపు నుంచో పొద్దున్నే బయల్దేరి వచ్చిన రైతు. కాకపోతే రాతి విగ్రహాలు చెక్కే శిల్పి. పై ఆఫీసు పంపే సర్క్యులర్ మాత్రం రెండు చోట్లకూ ఒకటే.

శాఖలో ఎప్పుడూ వినపడే మాటలు రెండున్నాయి. కౌంటరుకు ఇవతల, ‘ఎన్నిసార్లు తిప్పుకుంటారు సార్, మళ్లీ రమ్మంటే మళ్లీ వచ్చినా’ అని. కౌంటరుకు అవతల, ‘అంతా గడువులోగానే చేశాం, ఇంకేం చేయాలి?’ అని. ఇద్దరిలో ఎవరో ఒకరు అబద్ధం చెబుతున్నారని అనుకోవడం తేలిక. ఇద్దరూ నిజమే చెబుతుంటే లోపం ఎక్కడున్నట్టు? సరిగ్గా ఈ ప్రశ్నకే 1985లో ముగ్గురు ఆచార్యులు ఒక నమూనా గీశారు. అప్పట్లో టెక్సాస్ ఏ అండ్ ఎం విశ్వవిద్యాలయంలో పనిచేస్తున్న పరశురామన్, జైథమల్, బెర్రీ ఆ ముగ్గురు. వీరిలో పరశురామన్ మన మద్రాస్ ఐఐటీలో చదువుకున్నవారు. వాళ్లు పరిశీలనకు ఎంచుకున్న నాలుగు సేవల్లో మొదటిది మామూలు జనం వాడే బ్యాంకింగే. అధికారులతో విడిగా మాట్లాడారు, ఖాతాదారులను చిన్న చిన్న బృందాలుగా కూర్చోబెట్టి విడిగా విన్నారు. రెండు వైపుల మాటలను పక్కపక్కన పెడితే, ఖాతాదారుడు ఆశించినదానికీ అందుకున్నదానికీ మధ్య కనపడే పెద్ద తేడా వెనుక, అతనికి చాలావరకు కనపడని నాలుగు చిన్న తేడాలు బ్యాంకు లోపలే ఉన్నాయని తేలింది. వాళ్లు వీటిని ‘గ్యాప్’లన్నారు. మనం అంతరాలందాం.

వాటిని వరుసగా అప్పజెప్పడం కంటే ఒక రైతు వెంట శాఖకు వెళ్లి రావడం మేలు. ఇక్కడ ఏ బ్యాంకు పేరూ చెప్పడం లేదు. ఈ శాఖ, ఈ రైతు లెక్క చెప్పడానికి నేను ఊహించుకున్నవారు. అంకెలూ అలాంటివే. కానీ పంట రుణం తిరగరాయించుకున్న వాళ్లెవరికీ ఇందులో ఒక్క మలుపూ కొత్తగా అనిపించదు.

మన రైతుకు లక్షా అరవై వేల పంట రుణం ఉంది. ఏడాది నిండబోతోంది. గడువులోగా కట్టేస్తే ఏడు శాతం వడ్డీలో మూడు శాతం కేంద్ర ప్రభుత్వ ప్రోత్సాహకంగా తిరిగొస్తుంది. అంటే అసలు మీద ఏడాదికి 4,800 రూపాయలు. గడువు దాటితే అది పోయినట్టే. అందుకే గడువుకు ఇంకా మూడు వారాలుండగానే, ఒక సోమవారం బస్సెక్కాడు.

మొదటి రోజు లైనులో నిలబడి ఫీల్డ్ ఆఫీసరు దగ్గరికి చేరేసరికి పన్నెండు దాటింది. ‘కొత్త 1బి, అడంగల్ తీసుకురా పెద్దాయనా’ అన్నారు. మూడో రోజు, బుధవారం, అవి పట్టుకుని వచ్చాడు. ఫీల్డ్ ఆఫీసరు లేరు, రివ్యూ మీటింగుకు నంద్యాల వెళ్లారు. వేరే ఎవరూ కాగితాలు తీసుకోలేదు. ఎనిమిదో రోజు, మళ్లీ సోమవారం, ఆఫీసరు దొరికారు. ఆధార్‌కు ఉన్న ఫోన్ నంబరు పాతది, అది మార్పించుకుని మధ్యాహ్నానికి వచ్చి సంతకాలు పెట్టాడు. దరఖాస్తు తీసుకున్నారు. ‘పాత బాకీ అసలూ వడ్డీ కలిపి కట్టేయ్, కొత్తది వేస్తాం’ అన్నారు. వడ్డీ 11,200 కలిపితే 1,71,200 రూపాయలు. పంట ఇంకా చేతికి రాలేదు. ఊళ్లో నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చాడు. పదో రోజు, బుధవారం, కట్టాడు. పదిహేనో రోజు, సోమవారం, కొత్త రుణం ఖాతాలో పడింది. అది తీసి ఊళ్లో బాకీ తీర్చాడు.

ఇప్పుడు బ్యాంకు రిజిస్టరు తెరుద్దాం. దరఖాస్తు అందిన తేదీ ఎనిమిదో రోజు. రుణం జమ అయిన తేదీ పదిహేనో రోజు. పట్టింది ఏడు రోజులు. కిసాన్ క్రెడిట్ కార్డు దరఖాస్తును రెండు వారాల్లో తేల్చాలని 2019లో బ్యాంకులకు చెప్పారు. ఆ లెక్కన ఈ శాఖ గడువులో సగానికే పని ముగించింది. నివేదికలో ఇది మంచి మార్కులు పడే కేసు. రైతు లెక్క వేరు. ఇల్లు విడిచిన రోజు నుంచి పద్నాలుగు రోజులు, ఐదు ప్రయాణాలు, ఐదు రోజుల పని పోవడం. ఊళ్లో తెచ్చిన అప్పుకు ఐదు రోజుల వడ్డీ అయితే 571 రూపాయలు. అప్పిచ్చినాయన నెల నిండకపోయినా నెల వడ్డీ పట్టుకుంటే 3,424. ప్రభుత్వమిచ్చే 4,800 ప్రోత్సాహకంలో డెబ్బై శాతం అక్కడే ఆవిరి. బస్సు చార్జీ, టీ ఖర్చు, పోయిన కూలి కలిపితే ఏం మిగిలిందో ఆయనకే తెలుసు.

రెండు గడియారాలూ సరిగ్గానే నడుస్తున్నాయి. మొదలైన చోటే తేడా. నిబంధనలో ఉన్న మాట ‘పూర్తి దరఖాస్తు’. ఆ ‘పూర్తి’ అన్న మాటలోనే ఏడు రోజులు మాయమయ్యాయి. దరఖాస్తు పూర్తయిందని చెప్పే అధికారం బ్యాంకుది, దాన్ని పూర్తి చేయడానికి తిరిగే కాళ్లు రైతువి. నమూనా భాషలో ఇది రెండో అంతరం. ఖాతాదారుడికి ఏం కావాలో తెలిసినా, దాన్ని సేవా ప్రమాణంగా రాసుకునే దగ్గర తప్పడం. బ్యాంకు ప్రమాణం రాసుకుంది, కానీ తనకు కొలవడానికి వీలైన చోటు నుంచి రాసుకుంది. రైతుకు నొప్పి పుట్టే చోటు నుంచి రాసుకోలేదు.

ప్రమాణాన్ని ఖాతాదారుడి వైపు నుంచి రాయడం అసాధ్యమేమీ కాదని రిజర్వు బ్యాంకే చూపించింది. రుణం పూర్తిగా తీరిపోయాక ఇంటి కాగితాలు, స్థలం కాగితాలు 30 రోజుల్లో తిరిగి ఇవ్వాలి, బ్యాంకు తప్పు వల్ల ఆలస్యమైతే రోజుకు 5,000 రూపాయల చొప్పున పరిహారం చెల్లించాలి. 2023 డిసెంబరు 1 నుంచి ఈ నియమం అమల్లో ఉంది. బంగారం మీద అప్పులకు 2025 జూన్‌లో ఇచ్చిన ఆదేశాల్లో ఇంకా బిగించారు. అప్పు తీరిన రోజే నగ ఇచ్చేయాలి, ఎంత ఆలస్యమైనా ఏడు పనిదినాలు దాటకూడదు, దాటితే అదే పరిహారం. ఇక్కడ గడియారం ఎక్కడ మొదలవుతోందో చూడండి. రైతు చివరి రూపాయి కట్టిన క్షణాన. ‘నగ విడుదల దరఖాస్తు పూర్తిగా అందిన తర్వాత’ అని రాసి ఉంటే ఆ నియమానికి పదును ఉండేది కాదు.

ఇక మొదటి అంతరం. ఖాతాదారులు ఏం ఆశిస్తున్నారో పైవాళ్లకు తెలియకపోవడం. ‘రైతుకు ఏం కావాలండీ?’ అని నంద్యాలలో ఒక అధికారిని అడిగితే, వడ్డీ తక్కువ, రుణం ఎక్కువ, మంజూరు తొందరగా అంటారు. తప్పేమీ కాదు. కానీ మన రైతును బస్టాండు దగ్గర కూర్చోబెట్టి అడిగితే మొదట వచ్చే మాట వేరు. ‘ఏమేం కాగితాలు కావాల్నో మొదటిరోజే అన్నీ చెప్పినా సాలు. దుడ్డు ఏ రోజు పడుతుందో చెప్పినా సాలు. ఆ రోజుకే బయట తెచ్చుకుంటా.’ ఆయన అడుగుతున్నది వేగం కాదని గమనించాలి. ఏ రోజు ఏం జరుగుతుందో ముందే తెలియడం. పద్నాలుగు రోజులే పట్టనీ, ఆ చివరి రోజు ఏదో ముందే తెలిస్తే ఊళ్లో అప్పు ఎప్పుడు తేవాలో లెక్క వేసుకుంటాడు. ఐదు రోజుల వడ్డీ ఒక రోజుకు తగ్గుతుంది.

ఈ ముగ్గురు ఆచార్యులు 1988లో తయారు చేసిన ‘సర్వ్‌క్వాల్’ ప్రశ్నావళి ఇక్కడ పనికొస్తుంది. అందులో 22 ప్రశ్నలు, వాటి వెనుక ఐదు గుణాలు. మాట మీద నిలబడటం, వెంటనే స్పందించడం, నమ్మకం కలిగించడం, మనిషిగా పట్టించుకోవడం, చివరగా భవనం, కుర్చీలు, కాగితాల వంటి కంటికి కనపడేవి. ఈ ఐదింటికీ కలిపి నూరు మార్కులు పంచమని అమెరికా ఖాతాదారులను అడిగినప్పుడు మాట మీద నిలబడటానికి 32 వచ్చాయి. కంటికి కనపడేవాటికి 11. మన దగ్గర శాఖను ‘ఆధునికీకరించడం’ అంటే ముందుగా గుర్తొచ్చేది గాజు తలుపు, ఏసీ, కొత్త రంగు. పదకొండు మార్కుల ప్రశ్నకు పది పేజీల జవాబు రాసే విద్యార్థి గుర్తొస్తాడు నాకు.

ఆ నూరు మార్కుల పంపకాన్ని ఆళ్లగడ్డలో ముప్పై మంది రైతుల చేత చేయించి, అదే కాగితాన్ని ‘రైతులు ఎలా పంచుతారనుకుంటున్నారు?’ అని మేనేజరు చేత, నంద్యాలలోని పై అధికారి చేత కూడా నింపిస్తే మొదటి అంతరం ఒక్క పూటలో కనపడుతుంది. మేనేజరు అంచనా రైతుల పంపకానికి దగ్గరగా ఉండి పై అధికారిది దూరంగా ఉంటే, విషయం శాఖ దాకా చేరింది, పైకి ఎక్కలేదని అర్థం. ఇద్దరివీ దూరంగా ఉంటే శాఖలోనే ఎవరూ వినడం లేదని అర్థం. రెండింటికీ మందు ఒకటి కాదు. మేనేజర్లు కొన్నేళ్లకోసారి బదిలీ అయ్యే చోట రెండోది ఎక్కువగా కనపడటం సహజం. ఊరు అర్థమయ్యేసరికి ట్రంకు పెట్టె సర్దుకునే వేళ అవుతుంది.

ఆళ్లగడ్డ శిల్పి సంగతి ఇక్కడే చెప్పాలి. ఆయన బ్యాంకు నుంచి ఆశించేదే వేరు. దూరపు ఊరి నుంచి ఎవరో గుడి విగ్రహానికి ఆర్డరిచ్చి అడ్వాన్సు పంపుతారు. ఆ డబ్బు వచ్చిందో లేదో తేలందే రాతి మీద ఉలి పెట్టడు. పెట్టాక వెనక్కి తీసుకోలేని పని అది. 2020 డిసెంబరు నుంచి ఆర్టీజీఎస్ రాత్రీపగలూ నడుస్తోంది. సాంకేతికంగా డబ్బు రావడానికి ఏ అడ్డూ లేదు. శిల్పికి కావలసింది ‘వచ్చింది, ఫలానా వారి నుంచి, ఇంత’ అని నమ్మకంగా చెప్పే ఒక గొంతు. రైతుకు రుణం, శిల్పికి నిర్ధారణ, నంద్యాల పెన్షనరుకు నవంబరులో జీవన ప్రమాణ పత్రం. వీళ్లందరినీ ‘ఖాతాదారుడు’ అన్న ఒకే గడిలో వేసి సగటు తీస్తే ఎవరి ముఖమూ కనపడదు.

మూడో అంతరం అందరికీ తెలిసినదే. ప్రమాణం కాగితం మీద ఉంటుంది, కౌంటరు దగ్గర జరగదు. ఖాతాదారుడి కంటికి కనపడేది ఇదొక్కటే కాబట్టి కోపమంతా ఇక్కడే కురుస్తుంది. పై ఆఫీసు చికిత్స కూడా ఇక్కడే ఆగిపోతుంది. సిబ్బందికి మర్యాద మీద శిక్షణ, గోడ మీద చిరునవ్వు బొమ్మ. మన కథలో బుధవారం జరిగినదాన్ని మళ్లీ చూడండి. అక్కడ ఎవరూ అమర్యాదగా మాట్లాడలేదు. ఫీల్డ్ ఆఫీసరు ఒక్కరే, ఆయన మీటింగులో ఉన్నారు, ఆయన బదులు కాగితం తీసుకునే అధికారం ఇంకెవరికీ లేదు. ఇలాంటి చోట్ల ఈ నమూనా మనుషుల స్వభావాన్ని తప్పుపట్టదు. పాత్రల సంఘర్షణ అంటుంది. అదే గుమాస్తా లైను తగ్గించాలి, అదే గుమాస్తా బీమా పాలసీలు అమ్మిన లెక్క చెప్పాలి. సాయంత్రం ఫోను చేసి అడిగేది పాలసీల గురించే అయితే, ఏ పని ముందు చేస్తాడో ఊహించడానికి మనస్తత్వ శాస్త్రం చదవనక్కర్లేదు.

మూడో అంతరంలో ఒక భాగం శుద్ధ గణితం. బంగారం రుణాల సంగతి తీసుకోండి. నగను గీటురాయి మీద గీసి, తూకం వేసి, రాళ్లబరువు తీసేసి, చీటీ రాయడానికి అప్రైజరుకు ఒక్కొక్కరికి పావుగంట పడుతుందనుకుందాం. ఆయన ఉదయం పదిన్నర నుంచి ఒంటిగంట దాకా ఉంటే రెండున్నర గంటలు, అంటే పదిమంది. విత్తనాల సీజనులో ఆ పూట ఇరవై రెండు మంది వచ్చారనుకోండి. పన్నెండు మంది ఊరికే వెనక్కి పోవాలి. అప్రైజరు ఎంత చిరునవ్వుతో గీసినా పదకొండో మనిషికి ఆ నవ్వు అందదు. ఇక్కడ మర్యాద శిక్షణ మీద పెట్టే డబ్బు వృథా. అప్రైజరు రెండు పూటలూ ఉండాలి, కాకపోతే మొదటి పదిమందికి టోకెన్లిచ్చి మిగతావాళ్లకు పదకొండు గంటలకే ‘రేపు పొద్దున మొదటి నంబర్లు మీవి’ అని చెప్పాలి. రెండోదానికి పైసా ఖర్చు లేదు. అయినా అరుదుగా జరుగుతుంది. ఎందుకంటే వెనక్కి పోయిన పన్నెండు మంది ఏ రిజిస్టరులోనూ ఉండరు. పని జరిగినవాళ్లకే లెక్క, తిరిగి పోయినవాళ్లకు లేదు.

నాలుగో అంతరం మాటకూ చేతకూ మధ్యది. ‘నిమిషాల్లో బంగారం రుణం’ అని బయట ఫ్లెక్సీ ఉంటుంది. అది రాయించిన ప్రచార విభాగం వాళ్లకు ఆళ్లగడ్డలో అప్రైజరు ఒంటిగంటకు వెళ్లిపోతారని తెలియదు. తెలిపే దారీ లేదు. అడ్డంగా, ఒక విభాగం నుంచి ఇంకో విభాగానికి సమాచారం పోకపోవడమే ఈ అంతరానికి మూలమని నమూనా చెబుతుంది. మన దగ్గర దీనికి ఇంకో కొమ్మ ఉంది. వాగ్దానం ఎప్పుడూ బ్యాంకే చేయదు. సభలో నాయకుడు సున్నా వడ్డీ అంటాడు, వార్తల్లో రుణ పరిమితి పెంపు అని వస్తుంది. తాకట్టు లేని వ్యవసాయ రుణ పరిమితిని రిజర్వు బ్యాంకు 1.6 లక్షల నుంచి 2 లక్షలకు పెంచింది, 2025 జనవరి 1 నుంచి అమలు. ఇది విన్న రైతు ‘నాకు రెండు లక్షలొస్తాయి’ అనుకుని వస్తాడు. పరిమితి పెరిగింది పూచీకత్తు అడగకుండా ఇచ్చే మొత్తానికి. ఆయనకెంత వస్తుందన్నది పంటకూ ఎకరానికీ నిర్ణయించిన రుణ స్థాయిని బట్టి ఉంటుంది. ఆ ఒక్క ముక్క శాఖ తలుపు మీద తెలుగులో అంటించి ఉంటే కౌంటరు దగ్గర ఇరవై నిమిషాల వాదన తప్పేది. ఈ వాగ్దానం బ్యాంకు చేయకపోయినా ఆశ పుట్టింది, దాన్ని నిరాశ చేసిన ముఖం మాత్రం గుమాస్తాదే.

ఈ నాలుగింటి ఫలితమే ఐదోది, ఖాతాదారుడు అనుభవించే అంతరం. సర్వ్‌క్వాల్ కొలిచేది దీన్నే. ఆశించినదానికి ఒకటి నుంచి ఏడు లోపు ఒక మార్కు, అందినదానికి ఒక మార్కు, రెండింటి తేడా అంతరం. చూడ్డానికి ఇంత సాదాగా ఉన్న లెక్కలోనే ఈ రెండు ఊళ్లు పెట్టే పెద్ద చిక్కు ఉంది.

నంద్యాల ఖాతాదారుడు ఫోనులో యూపీఐ కొట్టిన క్షణానికే అవతలివాడి స్పీకరు మోగడం రోజూ చూస్తాడు. ఏటీఎంలో డబ్బు రాకుండా ఖాతాలో తగ్గితే, ఐదు రోజుల్లోగా బ్యాంకే తిరిగి వేయాలని, దాటితే రోజుకు వంద రూపాయలు అడగకుండానే ఇవ్వాలని 2019 నుంచి నియమం ఉన్నట్టు అతనికో, అతని పక్కింటివాడికో తెలుసు. అతని ఆశ 6.6 అనుకుందాం. అందింది 5.0. అంతరం 1.6. ఆళ్లగడ్డ రైతు ఐదుసార్లు తిరగడానికి సిద్ధపడే బస్సెక్కాడు. ఏళ్ల తరబడి శాఖ అతనికి నేర్పింది అదే. అతని ఆశ 4.4. అందింది 3.8. అంతరం 0.6. పై ఆఫీసు కంప్యూటరు తెర మీద ఆళ్లగడ్డ శాఖ నంద్యాల కంటే ఎంతో మెరుగ్గా కనపడుతుంది. ఎవరికైనా బహుమతి ఇవ్వాల్సి వస్తే ఆళ్లగడ్డకే ఇస్తారు. అక్కడ అందిన సేవ 3.8 అని, నంద్యాలలో 5.0 అని మరిచిపోతారు. ఆశ చచ్చిన చోట అంతరం దానంతట అదే పూడిపోతుంది.

ఈ పరికరం మీద వచ్చిన విమర్శల్లో నాకు గట్టిదనిపించేది ఇదే. క్రోనిన్, టేలర్ అనే పరిశోధకులు 1992లోనే ఆశను పక్కనపెట్టి అందినదాన్నే కొలవాలని వాదించారు. వారి కారణాలు గణాంకాల వైపువి, ఆళ్లగడ్డ చెప్పే కారణం జీవితం వైపుది. అయితే ఆశను పూర్తిగా వదిలేస్తే, రైతుకు ఏం కావాలో వినే ఒక్క కిటికీ కూడా మూసుకుపోతుంది. మధ్యేమార్గం ప్రశ్న అడిగే తీరులో ఉంది. ‘మీరేం అనుకుని వచ్చారు?’ అంటే రైతు అలవాటైన బాధను చెబుతాడు. ‘మంచి బ్యాంకైతే ఈ పని ఎన్ని రాకల్లో ముగియాలి?’ అంటే తన హక్కును చెబుతాడు. 1991లో ఆ ముగ్గురూ తమ ప్రశ్నావళిని సవరించినప్పుడు ఆశను అడిగే వాక్యాలను మేలైన సంస్థలు ఎలా చేస్తాయన్న వైపుకే తిప్పారు. తర్వాతి కాలంలో ఆశనే రెండుగా చీల్చారు. కోరుకునే మట్టం ఒకటి, ఇంతైనా చాలు అనుకునే మట్టం ఒకటి. ఈ రెంటి మధ్య జాగాలోనే ఓర్పు ఉంటుంది. మన రైతుకు కోరిక మట్టం ఒక్క రాక కావచ్చు, చాలు మట్టం ఐదు రాకలు. ఆ జాగా అంత వెడల్పుగా ఉండబట్టే ఆయన గొడవ చేయడు. అంబుడ్స్‌మన్‌కు రాయడు. ఫిర్యాదుల పెట్టెలో ఆయన చీటీ కనపడదు.

ఏడు మెట్ల కొలతను పొలం నుంచి వచ్చిన మనిషి చేతికిచ్చి సున్నా చుట్టమనడం కూడా అంత తెలివైన పని కాదు. బ్యాంకు వాళ్లే ఎదురుగా కూర్చుని అడిగితే అన్నిటికీ ఏడే వేస్తాడు. రేపు మళ్లీ ఆ గుమ్మమే తొక్కాలి కదా. నా మటుకు నేను నాలుగు ప్రశ్నలకే కట్టుబడతాను. ఈ పని కోసం మొదట ఏ రోజు వచ్చినారు? మొత్తం ఎన్నిసార్లు వచ్చినారు? వెనక్కి పంపినప్పుడు ఏం చెప్పి పంపినారు? డబ్బు పడే తేదీ ఎవరైనా ముందే చెప్పినారా? అడిగేది బ్యాంకు మనిషి కాకూడదు. అడిగే చోటు శాఖ లోపల కాకూడదు. బస్టాండు నయం. జవాబుల్లో మెట్లు లేవు, లెక్కపెట్టగల సంగతులే ఉన్నాయి. మూడో ప్రశ్న జవాబులను పోగేస్తే ఏ అంతరమో అదే చెబుతుంది. ‘ఆ కాగితం కావాలని ముందు చెప్పలేదు’ అని ఎక్కువ మంది అంటే రెండోది. ‘సారు లేడు’, ‘అప్రైజరు పోయినాడు’, ‘సర్వరు లేదు’ అంటే మూడోది. ‘బోర్డు మీద ఒకటి, లోపల ఒకటి’ అంటే నాలుగోది.

ఎక్కడ ముందు సరిచేయాలన్నది కూడా వరుస ప్రకారమే. రెండో అంతరం తెరిచి ఉండగా మూడోదాన్ని పూడ్చడమంటే తప్పు ప్రమాణాన్ని మరింత శ్రద్ధగా అమలు చేయడమే. మన శాఖలో మొదట చేయవలసింది చిన్నది. పంట రుణం తిరగరాయడానికి కావలసినవన్నీ ఒకే చీటీ మీద తెలుగులో, మొదటి రోజే. 1బి, అడంగల్, ఆధార్‌కు ప్రస్తుత ఫోన్ నంబరు, కట్టవలసిన మొత్తం, కట్టాక ఎన్ని రోజుల్లో జమ అవుతుందో ఆ తేదీ. ఆ చీటీ ఇచ్చే పని లైను చివర కూర్చున్న ఆఫీసరుది కాకుండా తలుపు దగ్గర ఉన్న మనిషిది కావాలి. అప్పుడు మన రైతుకు మొదటి సోమవారం చీటీ, బుధవారం కాగితాలూ సంతకాలూ, జమ అయ్యే తేదీకి ఒక రోజు ముందు డబ్బు కట్టడం, మర్నాడు తీసుకోవడం. ఐదు రాకలు నాలుగవుతాయి. ఈ లెక్కలో కొత్త ఉద్యోగి లేడు, కొత్త సాఫ్ట్‌వేరు లేదు.

అన్నీ శాఖ చేతిలో లేవు. అడంగల్‌లో పేరు తప్పుంటే అది రెవెన్యూ వారి పని. సర్వరు పడిపోతే ఆళ్లగడ్డ మేనేజరు చేయగలిగింది కిటికీలోంచి చూడటమే. బ్యాంకుల విలీనాలూ శాఖ చేతిలోవి కావు. 2020లో సిండికేట్ బ్యాంకు కెనరాలో, ఆంధ్రా బ్యాంకు యూనియన్ బ్యాంకులో కలిశాయి. 2025 మే 1న రాష్ట్రంలోని నాలుగు గ్రామీణ బ్యాంకులు కలిసి ఒక్క ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకు అయ్యాయి. అంటే రాయలసీమ గ్రామీణ బ్యాంకు కాలం నాటి ఖాతాదారుడికి ఇది మూడో పేరు. ఇలాంటి ప్రతి మార్పుతో పై ఆఫీసు ఒక మెట్టు పైకి జరుగుతుంది. కింది మాట పైకి ఎక్కాల్సిన మెట్లు పెరిగే కొద్దీ మొదటి అంతరం పెరుగుతుందన్నది ఆ ముగ్గురు ఆచార్యులు చెప్పిన కారణాల్లో ఒకటి. విలీనం వల్ల కలిగే లాభాలు విలీనానివే. ఈ ఖర్చును కూడా పక్కన రాసుకోవాలి.

అందుకే రుణ రిజిస్టరులో ఒక్క గడి పెంచమని అడగాలనిపిస్తుంది. ‘దరఖాస్తు అందిన తేదీ’కి ఎడమ పక్కన ‘మొదటిసారి వచ్చిన తేదీ’. నెలాఖరుకు రెండు తేదీల మధ్య రోజులను కూడితే చాలు. ఏడు రోజులని పంపిన నివేదికలోనే పద్నాలుగు కూడా కనపడుతుంది. ఆ మధ్య రోజులు ఎందుకు పోయాయని నంద్యాల నుంచి ఎవరో అడుగుతారు. మన రైతు విషయంలో ఆళ్లగడ్డ మేనేజరు రాయవలసిన జవాబులో ఒక వాక్యం ఇలా ఉంటుంది: ‘బుధవారం ఫీల్డ్ ఆఫీసరు మీరు పిలిచిన రివ్యూ మీటింగులో ఉన్నారు.’